ఏడో నంబరు తక్కువ చెబుతుంది

హైదర్ భాయ్ రిటైరయ్యే నెలే సకల జనుల సమ్మె వచ్చి పడింది. మనిషికి మంచి రోజులు చూసుకుని రిటైరయ్యే వీలు ఉండదు కదా. భూపాలపల్లిలో బొగ్గు గనులన్నీ ఆగిపోయాయి. గేటు ముందు టెంటు వేశారు. సాయంత్రమైతే ఆడవాళ్ళు అక్కడే బతుకమ్మ ఆడుతున్నారు. లోపల మాత్రం గాలి ఆడించే ఫ్యానూ, నీళ్ళు తోడే పంపులూ తిరగాలి. అవి ఆగితే తెలంగాణ వచ్చినా దిగడానికి గని ఉండదు. అందుకని మా కొద్దిమందికి అత్యవసర డ్యూటీ పాసులిచ్చారు. నేను ల్యాంపు రూములో దీపాలిచ్చేవాణ్ణి, పేరు సోమనర్సయ్య. హైదర్ భాయ్ పక్క గదిలో మీటర్లు సరిచూసేవాడు.

ఆయనది జనగామ. ముప్పై ఏళ్ళు కంపెనీ క్వార్టర్లోనే గడిపాడు. భార్య బేగం సామాను సర్దుకుని ముందే జనగామలో కూతురు కహ్కషాన్ ఇంటికి చేరింది. భాయ్‌కి ఒక చాప, ఒక గిన్నె, రెండు జతల బట్టలు మిగిలాయి. రిలీవ్ కావాలంటే ఒక్కటే షరతు. చార్జి అప్పగించాలి, తీసుకున్న మనిషి సంతకం పెట్టాలి. తీసుకోవాల్సిన మనిషి, కొత్తగా ఉద్యోగమొచ్చిన అమ్మాయి, మహబూబాబాద్ పక్క తండాలో ఉంది. బస్సుల్లేవు, రైళ్ళు ఆపేశారు.

ఆ పిల్ల వచ్చేదాకా ఊరికే కూర్చోలేక భాయ్ అప్పగింత కాగితం రాయడం మొదలుపెట్టాడు. నేను చాయ్ పట్టుకెళ్ళినప్పుడల్లా చదివి వినిపించేవాడు. ఆయన తీరు చూస్తే ఇంట్లో కోడళ్ళ గురించి చెబుతున్నట్టు ఉండేది.

"మూడో నంబరు గ్యాస్ మీటరు: చల్లగదిలోంచి తీసిన వెంటనే నమ్మవద్దు. ఆన్ చేసి పది నిమిషాలు ఆగితే సున్నా దగ్గర నిలబడుతుంది. ఫ్యాన్ దగ్గర ప్రెషర్ గేజి: ఎక్కేటప్పుడు ఒక మాట, దిగేటప్పుడు ఒక మాట చెబుతుంది. గాజు మీద వేలితో మెల్లగా కొట్టి, అప్పుడు చూడు. గాలి వేగం కొలిచే చక్రం: గాలి మందంగా ఉన్న చోట తిరగదు. తిరగలేదు కాబట్టి గాలి లేదనుకోవద్దు."

ఏడో నంబరు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. చాయ్ చల్లారిపోయింది.

"రాయి భాయ్, ఏడు గురించి తెల్వనోడెవడు? సర్దార్లందరికీ తెలుసు గదా" అన్నాను.

నిజమే. గనిలో గ్యాస్ చూసే సర్దార్లు ఏడో నంబరు చేతికొస్తే మొహం చిట్లించి, "గిది నిదానం మనిషి, జర కలుపుకోవాలె" అని నవ్వుకుంటూ దిగేవారు. పన్నెండోది కూడా దాని తమ్ముడే. ఎప్పుడో బొగ్గు మోసే బెల్టు దగ్గర సిలికాన్ స్ప్రే కొడుతుంటే ఆ రెండూ అక్కడే ఉన్నాయి. లోపలి సెన్సారు ఆ మందుకు దెబ్బతింది. చిత్రమేమంటే, మంచి గాలిలో పెడితే సున్నా సరిగ్గా చూపిస్తాయి. గ్యాస్ తగిలినప్పుడే తగ్గించి చెబుతాయి. మిగతావాటిని నెలకొకసారి సరిచేస్తే చాలు. ఈ రెండింటినీ భాయ్ ప్రతి సోమవారం కూర్చోబెట్టి సరిచేసేవాడు. కొత్త సెన్సార్లు కావాలని అడిగినప్పుడల్లా, "నీ మీటర్లన్నీ పాసవుతున్నయ్ కదయ్యా" అని ఆఫీసు నవ్వేసేది.

చివరికి భాయ్ ఏడు, పన్నెండు గ్యాస్‌ను తగ్గించి చెబుతాయనే రాశాడు. ఆ కాగితం గని ఇంజనీరు చదివి మొహం మాడ్చుకున్నాడు. చెడ్డవాడేం కాదు, రోజుల తరబడి ఇంటికి పోకుండా ఫ్యాను చుట్టూ తిరుగుతున్నాడు. "హైదర్, ఏడు, పన్నెండు గురించి ఇట్ల రాస్తే వాటిని వాడుకలోంచి తీసెయ్యాలె. స్పేర్లు సమ్మె అయ్యేదాక రావు. రెండు మీటర్లు తగ్గితే పడమటి వైపు గ్యాస్ చూసేదెట్ల? పంపు వాళ్ళనెట్ల దింపాలె? 'అన్నీ బాగున్నయ్' అని రాయి. పిల్ల రాంగనే సంతకం పెడ్తది, నువ్వు ఇంటికి పో."

ఆ మాటతో భాయ్ రెండు వైపులా ఇరుక్కున్నాడు. నిజం రాస్తే, తెలిసీ ఇన్నాళ్ళు ఎట్లా పాస్ చేశావని ముందు తననే అడుగుతారు. రాయకపోతే, ఏమీ తెలియని పిల్ల చేతిలో ఏడో నంబరు పెట్టి పోవాలి. రాసిన కాగితాన్ని జేబులో పెట్టుకుని తిరిగాడు, చింపలేదు. నాకైతే కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళు చేసిన మనిషిని చివరి వారంలో ఇట్లా నలిపేస్తారా అని.

ఆ అమ్మాయి నెలాఖరు రోజు పొద్దున వచ్చింది. పేరు అనిత, డిప్లొమా చదివింది. తండా నుంచి అన్న ప్రేమ్‌సింగ్ బండి మీద, చెట్లు కొట్టి అడ్డం వేసిన రోడ్లన్నీ తప్పించుకుంటూ వచ్చారు. టెంటు దగ్గర ఆపితే, "గ్యాస్ మీటర్ల డ్యూటీ అన్నా" అంది. "గట్లైతే పోనియ్యి" అని వదిలారట. వస్తూనే మొహం కడుక్కుని భాయ్ ముందు కూర్చుంది.

"సార్, కాగితం తర్వాత. ముందు మీటర్లు చూద్దాం" అంది. నాకు ఆ పిల్ల అప్పుడే నచ్చింది.

ఒక్కొక్కటే మంచి గాలిలో సున్నా చూసి, సెన్సారు మీద చిన్న మూత పెట్టి, సిలిండరు లోంచి గ్యాస్ వదిలింది. అది సరిగ్గా రెండు శాతం ఉన్న గ్యాస్. మూడో నంబరు రెండు చూపింది. ఏడో నంబరు ఒకటీ పాయింట్ ఆరు దగ్గర నిలబడిపోయింది. సర్దుబాటు మర తిప్పబోతే తిరగలేదు.

"చివరికొచ్చింది సార్. ఇంక తిప్పడానికి లేదు."

భాయ్ తల వంచుకున్నాడు. పోయిన సోమవారమే ఆఖరి కొస దాకా తిప్పానని ఆయనకు తెలుసు. పన్నెండోది కూడా అదే కథ.

అనిత కాగితం మీద లెక్క వేసింది. "ఒకటింపావు శాతం వస్తే కరెంటు తీసి మనుషులను పైకి రమ్మనాలె. అప్పుడు గిది ఒకటే చూపిస్తది. కలుపుకోవాలని తెలిసిన సర్దారైతే సరే, కొత్తోడైతే?" లెక్క పక్కన పెట్టి మెల్లగా అంది. "మీరు వారం వారం సరిచేసినందుకే గదా సార్, ఆఫీసోళ్ళు కొత్తవి ఇయ్యలే."

ఆ మాట ఎవరన్నా అనాల్సిందే.  భాయ్ జేబులోంచి తన కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు. ఏడో నంబరు పక్కన పెన్నుతో ఇంకో మాట చేర్చాడు. "సరిచేయడానికి కూడా వీలు లేదు. వాడరాదు. నేను ముందే చెప్పవలసింది." పన్నెండు కిందా అదే రాశాడు. రెండింటికీ ఎర్ర అట్టముక్కలు కట్టాడు.

ఇంజనీరు వచ్చి చూసి కుర్చీలో కూలబడ్డాడు. పడమటి వైపు పంపు వాళ్ళను పైకి పిలిపించాడు. తర్వాత అన్నాడు, "అమ్మా, రెండు మీటర్లు లేకుంటే చార్జి పూర్తి కానట్టే. అన్నీ అందినయ్ అని సంతకం పెడ్తేనే ఈయన రిలీవ్ అయితడు. లేకుంటే కొత్తవి వచ్చేదాక ఆగాలె."

అనిత భాయ్ వైపు చూసింది. ఆ చాపా, గిన్నె, సర్దుకున్న సంచీ అన్నీ గదిలోనే ఉన్నాయి. పెన్ను తీసింది. "పెడ్త సార్. నాకు తెలిసింది గదా, నేను వాటిని బయటికి ఇయ్య. మీరు పోండ్రి."

భాయ్ ఆమె చెయ్యి మీద చెయ్యి వేశాడు.

"పెట్టకు బిడ్డా. నువ్వు సెలవు పెట్టిన నాడు బీరువా ఎవడో తీస్తడు. కాగితం మీద అందినయ్ అని ఉంటే, ఎర్ర అట్ట తెంపి సర్దారుకిస్తడు. పెట్టకు."

ఇంజనీరు కాగితం మడిచి తీసుకెళ్ళాడు. అనిత ఏడ్చింది. నేను కూడా మొహం అటు తిప్పుకున్నాను.

మర్నాడు హాజరు పట్టీలో భాయ్ పేరు లేదు. వయసు నిండింది కనుక తీసేశారు. రిలీవ్ కాలేదు కనుక క్వార్టరు తాళం ఇచ్చి పోవడానికీ లేదు. పొద్దున్నే అలవాటుగా వచ్చి నా ల్యాంపు రూము గట్టు మీద కూర్చున్నాడు. బేగం ఫోను చేసింది. పక్కనే ఉన్నాను, ఆమె గొంతు నాకూ వినిపించింది.

"కబ్ ఆరే?" ఎప్పుడొస్తున్నావని అడుగుతోంది.

 గేటు దగ్గర జై తెలంగాణ అని అరుస్తున్నారు.

"నౌకరీ ఖతమ్ హోగయీ బేగం" అన్నాడు. "ఛోడ్ నై రహే." నౌకరీ అయిపోయింది గానీ వదిలిపెట్టడం లేదని.