పక్కకు తిరిగిన కన్ను

చోడవరం రైతుల కోసం చెరకు ముచ్చెలు, అంటే విత్తనానికి కోసిన గడ ముక్కలు, నాటే పద్ధతిపై నేను మాట్లాడిన వీడియోను మా చెల్లెలు ఎడిట్ చేసింది. కెమెరా ముందు నేను తడబడతాను. ఆ తడబాట్లను కోసేసిన ప్రతి చోటా తెరపై నా తల గెంతినట్లు కనిపించింది. ఆ గెంతులు కనబడకుండా పైన వేయడానికి గాలికి ఊగే చెరకు తోటను వీడియో తీసి ఇచ్చాను.

“అందంగానే ఉంది అన్నియ్యా. ముచ్చె మీద మొలకొచ్చే కన్ను పక్కకుండాలని సెప్తన్నావు. ఈ ఆకుల్లో ఆ కన్నేదీ?” అంది.

మర్నాడు పొలంలో నేను నాటుతుంటే నా చేతులను దగ్గరగా తీసింది. ఆ షాట్ నాకు ఎంతో నచ్చింది. ఆమె మాత్రం దాన్ని ఆపి, తెరపై వేలు పెట్టింది. నేను నాటిన ముచ్చె కన్ను కిందికి తిరిగి ఉంది.

“ఒక్క క్షణమే కదా, ఎవరు గమనిస్తారు?” అన్నాను.

“అందరూ సూస్తారు. నీ మాట ఒగ్గేసి సేతినే నమ్ముతారు. రేపు ఆళ్ళ మొలక ఆలస్యమైతే ఏటి సెప్తావు? లెగు, మళ్ళీ తీద్దాం.”

తీశాం. నా మాట ఆగకుండా సాగుతుండగా, తడబాటు కోసేసిన చోటుకు కాస్త ముందే కొత్త షాట్ మొదలై, ఆ చోటు దాటాక ముగిసింది. పక్కకు తిరిగిన కన్ను స్పష్టంగా కనిపించింది. నేనెక్కడ తడబడ్డానో నాకే తెలియలేదు.

చివర నమస్కారం దగ్గర మాత్రం తల గెంతింది. అదెందుకు వదిలేశావని అడిగాను.

“దండానికేటి సూపిస్తాను? గెంతనీ,” అని నవ్వింది.