అమ్మ బీపీ చూసిన వారం

అమ్మ కంట్లో పొర వచ్చింది. బియ్యం ఎంత ఏరినా అన్నంలో రాళ్లు తగులుతుంటే ఆమెకు తలకొట్టేసినట్టు ఉండేది. మిర్యాలగూడ కంటి దవాఖానలో బీపీ ఎక్కువుందని ఆపరేషన్ ఒకసారి వాయిదా వేశారు. వారం రోజులు ఇంట్లో రెండు పూటలా చూసి రాసుకురమ్మని, తగ్గితేనే ఆపరేషన్ అని డాక్టర్ చెప్పాడు.

నేను బడిపంతులును. అరవై మంది పిల్లలను కిక్కురుమననివ్వని వాణ్ణి, ఒక్క ముసలమ్మ బీపీ నాకో లెక్కా అనుకుని మిషన్ కొనుక్కొచ్చాను.

అమ్మ నల్లా దగ్గర బిందె నింపుకొని, రొప్పుతూ వచ్చి పీట మీద గొంతుకూర్చునేది. నేను వెంటనే రవిక చేతి మీదుగానే పట్టీ చుట్టి బటన్ నొక్కేవాణ్ణి. చెయ్యి కిందికి వేలాడుతుండేది.

"పొయ్యి మీద పాలు..."

"మాట్లాడకు!"

"నేనేడ మాట్లాడిన్రా? నువ్వే లొల్లి జేస్తున్నవ్."

"ఇగో, మళ్లా మాట్లాడుతున్నవ్!"

మిషన్ నూట డెబ్బై చూపించేది. తప్పంతా మామిడికాయ తొక్కుదేనని జాడీని అటకెక్కించాను. మర్నాడు నూట డెబ్బై రెండు. జాడీ పోయిన దిగులుకే పెరిగిందని అమ్మ వాదించింది.

వారం తర్వాత దవాఖానలో ఆ అంకెల కాగితం చూసి నర్సమ్మ, "ఇంట్ల ఎట్ల చూస్తున్నరో గట్లనే చూపెట్టండి సార్" అంది. అక్కడ పీట లేదు కాబట్టి అమ్మ నేల మీదే గొంతుకూర్చుంది. నేను నా పద్ధతంతా చూపించాను, "మాట్లాడకు"తో సహా. నర్సమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

తర్వాత అమ్మను కుర్చీలో కూర్చోబెట్టింది. "వీపు ఆనించు అవ్వా. పాదాలు రెండు నేలకు ఆనాలె, కాలు మీద కాలెయ్యొద్దు." రవిక చెయ్యి పైకి జరిపి, వట్టి చేతికి పట్టీ కట్టింది. చేతిని బల్ల మీద అరచెయ్యి పైకి ఉండేలా పెట్టించి, కింద మడతపెట్టిన దుప్పటి పెడితే పట్టీ సరిగ్గా గుండె ఎత్తుకు వచ్చింది. "ఇగ ఐదు నిమిషాలు ఊకె కూసో. ముచ్చట్లొద్దు."

రెండు నిమిషాలకు నేను, "అమ్మా, కదలకు" అన్నాను.

"సార్, మీరు జర బయట కూసుంటరా?"

బయటే కూర్చున్నాను, తరగతిలోంచి బయటికి పంపిన పిల్లాడిలా. నూట ముప్పై ఎనిమిది వచ్చింది. ఒక నిమిషం ఆగి చూస్తే నూట ముప్పై ఆరు.

నాకు సిగ్గేసింది. డాక్టర్ ఇంకో వారం ఇట్లాగే చూడమన్నాడు. ఆ వారమంతా అమ్మ పక్కన కుర్చీ వేసుకుని, నోరు కుట్టుకుని కూర్చున్నాను. అంకెలు దిగాయి, ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక అమ్మ చాటలో మొదటి రాయి ఏరి నాకే చూపించింది.

కొన్నాళ్లకు ఒక పొద్దున చూస్తే, అమ్మ కుర్చీలో వీపు ఆనించి, బల్ల మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"ఇప్పుడు రోజూ అక్కర్లేదమ్మా. వారానికోసారి చాలన్నారు."

"మిషన్ పెట్టకు బిడ్డా. నువ్వు ఐదు నిమిషాలు గట్లనే పక్కకు కూసో. నీకు నౌకరి వచ్చినకాంచి నన్ను కసరకుండ కూసున్నది గా వారమే."