లవంగం అత్తకి, వాసన కోడలికి

సెంటమ్మ అన్న పేరు వీధి పెట్టింది. వంటింటి వెనక గదిలో మూతి దగ్గరి గుండును ఒంటిమీద దొర్లించి రాసుకునే సెంటు రోలాన్ సీసాలు నింపి అమ్ముకుంటూ సంసారం ఈదిన మనిషి. బడి మొహం పెద్దగా చూడలేదు గానీ, సీసా దగ్గర మాత్రం చుక్క అటూ ఇటూ పోనివ్వదు.

"ఘాటు నూనె ఉప్పులాంటిది. రుచికి వేస్తారు గానీ బొక్కుతారా?" అనేది.

కొత్త రకం కలిపితే ముందు తన మోచేతి మడతలో రాసుకుంటుంది. రెండు రోజులు అక్కడ నీళ్ళు తగలనివ్వదు. ఎర్రబడకపోతే సరుకు బయటికి. ఆ చెయ్యి ఇన్నేళ్ళలో ఒక్కసారీ ఎర్రబడలేదు. దాన్ని చూసుకుని సెంటమ్మకు మహా గర్వం.

ఒక మధ్యాహ్నం కోడలు గుండీ కుడుతూ తల ఎత్తకుండానే అడిగింది.

"అత్తయ్యా, మా అమ్మ పంటినొప్పికి ఎప్పుడూ బుగ్గన లవంగం పెట్టుకునేది. నా చిన్నప్పుడే పోయింది, మొహం సరిగా గుర్తులేదు. ఆ వాసన గుర్తుంది. అలాంటిది నాకొకటి చేస్తారా?"

నోరు తెరిచి ఏమీ అడగని పిల్ల. సెంటమ్మ అప్పుడే కొంగు బిగించింది. పది మిల్లీలీటర్ల సీసాలో లవంగ నూనె ఒక్కటంటే ఒక్క చుక్క, లావెండర్ మూడు చుక్కలు వేసి, మిగతాదంతా తనకంటూ వాసన లేని జొజోబా నూనెతో నింపింది. పైన గుండు నొక్కి బిగించి, తన మోచేతికి రాసుకుంది. ఏమీ కాలేదు. రెండు రోజులు గడిచాక సీసా కోడలి చేతిలో పెట్టింది.

సాయంత్రానికి ఆ పిల్ల మణికట్టు కందిపోయింది.

సెంటమ్మ ఉత్త జొజోబాతో తుడిచి, సబ్బుతో కడిగింది.

"నాది చెప్పు తోలు. నీది పూరేకు. రాసుకునేది నువ్వైతే పరీక్ష నీ చేతి మీద కదే చెయ్యాలి? ఇన్నేళ్ళ పనీ గంగపాలు."

"పోనీ, సగం చుక్కతో చెయ్యండి అత్తయ్యా."

"ఒకసారి పడలేదంటే సగం కూడా పడదు. నీ ఒంటికి లవంగం వద్దు."

కోడలు సూదిలోకి దారం ఎక్కించబోయింది. ఎక్కలేదు. మళ్ళీ ఎక్కించబోయింది.

మర్నాడు లావెండర్ ఒక్కదానితోనే రెండు చుక్కల సీసా చేసి, ఈసారి కోడలి మోచేతికే రాసింది. రెండు రోజులకు మచ్చ కూడా రాలేదు. అప్పటినుంచి కొనడానికి వచ్చిన వాళ్ళందరికీ ఒకటే మాట: "నా చెయ్యి చూసి మోసపోకండి. మీ చేతికి రాసుకుని చూడండి."

లవంగం సీసాను మాత్రం పారెయ్యలేదు.

ఒకరోజు పొద్దుగుంకేవేళ కోడలి కుట్టుమిషను ఆగగానే ఆ సీసాను తన మెడకి ఎడమపక్కన ఒక్కసారి దొర్లించుకుంది.

"ఇటు రా. కుడిపక్కన కూర్చో. అటువైపు తగిలావో, వీపు విమానం మోగిపోతుంది."

కోడలు నవ్వుతూ వచ్చి ఆమె కుడి భుజానికి తల ఆనించింది. కాసేపటికి నవ్వు ఆగింది. ఊపిరి మాత్రం నిండుగా తీసుకుంటోంది.

"వస్తోందా?" అంది సెంటమ్మ.

"ఊఁ" అంది కోడలు, కళ్ళు మూసుకుని.

సెంటమ్మ మెడ తిప్పకుండా, బిర్రబిగుసుకుని అలాగే కూర్చుంది.