ప్రాక్సీ ఫారం చాలన్న మాట

మా సంఘం వార్షిక సర్వసభ్య సమావేశానికి నోటీసు రాసేది నేనే. ముప్పై ఏళ్లు సర్కారు ఆఫీసులో నోటీసులు రాసి దిగిపోయినవాణ్ణి. బోధన్‌లో మా గృహనిర్మాణ సహకార సంఘంలో నాలాగా నోటీసు రాసేవాడు ఇంకొకడు లేడు. అసలు చదివేవాడే లేడు. పద్నాలుగు రోజుల ముందు ఇంటింటికీ పంపిస్తే కొందరు దాన్ని టీవీ కింద పెడతారు, కొందరు దాని వెనక కిరాణా చిట్టీ రాసుకుంటారు. తీరా సమావేశానికి వచ్చి, "ఇయ్యాల ఏం ముచ్చట అన్నా?" అని అడుగుతారు. ఏం ముచ్చటో మొదటి పేజీలోనే అంకెలు వేసి మరీ రాసి ఉంటుంది.

మాకు నూట ఎనభై మంది సభ్యులు. కోరం ఐదోవంతు, అంటే ముప్పై ఆరుగురు ఉండాలి. సమావేశం పదకొండు గంటలకు. అరగంట చూసినా కోరం లేకపోతే వాయిదా వేసి, అదే రోజు పన్నెండున్నరకు అదే హాల్లో మళ్లీ పెడతారు. ఆ వాయిదా సమావేశానికి కోరం అక్కర్లేదని మా బైలాలో ఉంది, నోటీసులోనూ రాస్తాం. నోటీసులో మిగతాదేదీ చదవని మహానుభావులు ఈ ఒక్క వాక్యం మాత్రం కంఠస్థం చేశారు. అందుకని పన్నెండున్నర దాటితే గానీ ఎవడూ ఇల్లు కదలడు. వచ్చినవాడు కూడా హాజరు పుస్తకంలో సంతకం గీకి, బజ్జీలు ఎక్కడున్నాయో చూసి, వీధి దీపం గురించి గొడవ మొదలుపెడతాడు. ఇరవై ఏళ్లుగా మా ప్రజాస్వామ్యం ఇదీ.

వీళ్లకు తగిన అధ్యక్షుడే దొరికాడు. చెరకు తోటల్లో ఫీల్డ్‌మన్‌గా పనిచేసి రిటైరైన మనిషి. మెడలో కండువా, చేతిలో రెండు ఫోన్లు. కిందటిసారి ఖాళీ కుర్చీల ముందు గంటసేపు కూర్చోవడం ఆయనకు నామోషీ అనిపించింది. నిజామాబాద్‌లో ఉండే అల్లుడు ఏదో కంపెనీ షేర్లు ఆయన పేరున కొన్నాడట, ఆ కంపెనీ వార్షిక సమావేశం నోటీసు ఇంటికి వచ్చింది. దాన్ని పట్టుకొని మా ఇంటికి వచ్చాడు.

"సూడు అన్నా, కంపెనీలల్ల రాలేనోడు ప్రాక్సీ పంపుతడు. ఫారం మీద సంతకం పెడితే అయిపాయె. మనం గూడ పెడదం. ఫారాలన్నీ లెక్కల పట్టుకుంటే కోరం అయితది. పదకొండు గంటలకే టంచన్‌గ షురూ చేద్దాం."

మా బైలా నాకు నోటికి వచ్చు. సభ్యుడు స్వయంగా వచ్చి ఓటు వేయాలి, ప్రాక్సీ పనికిరాదు. సంఘాల చట్టమూ అదే చెబుతుంది. అంతెందుకు, ఆయన చేతిలో ఉన్న కంపెనీ నోటీసు పద్ధతిలో కూడా ప్రాక్సీలు కోరం లెక్కలోకి రావు, మనిషి కనబడాల్సిందే. ఈ మూడు ముక్కలూ అప్పుడే చెప్పొచ్చు. చెప్పలేదు. ఎందుకో దాచను. ఆ కండువా మనిషి నలుగురిలో పరువు పోగొట్టుకుంటుంటే ముందు వరుసలో కూర్చుని చూడాలనిపించింది. ఆ రోజు సహకార శాఖ అధికారి కూడా వస్తాడు. ఆయన నోటితోనే చెప్పిస్తే ఇంకా బాగుంటుందనుకున్నాను.

"నువ్వు చెప్పినట్టే రాస్తానన్నా" అన్నాను.

రాశాను, ఎంత బాగా రాశానో. "స్వయంగా హాజరు కాలేని సభ్యులు దీనితో జతపరచిన ఫారంలో తమ బదులు మరొక సభ్యుణ్ణి ప్రాక్సీగా నియమిస్తూ సంతకం చేసి, సమావేశానికి నలభై ఎనిమిది గంటల ముందుగా కార్యాలయానికి అందజేయవలెను." చదువుకుంటే నాకే ముచ్చటేసింది.

అజెండాలో కిందటి ఏడాది తీర్మానాల ధ్రువీకరణ, వార్షిక నివేదిక, ఆడిట్ అయిన లెక్కలు, ఆడిటర్ నియామకం మామూలే. ఐదో అంశం మాత్రం కొత్తది. ముందుగా రాతపూర్వకంగా తెలపకుండా వరుసగా మూడు వార్షిక సమావేశాలకు రాని సభ్యులకు, పేరు ఎందుకు తీసేయకూడదో చెప్పమని నోటీసు ఇచ్చి, తొలగింపు చర్య మొదలుపెట్టడం. అలాంటి వాళ్లు ఎందరో ఉన్నారు. తీసేస్తే పీడా పోతుందనుకున్నాను.

నోటీసులు వెళ్లిన నాలుగో రోజు భీమ్‌గల్ నుంచి ఫోన్ వచ్చింది. మా కాలనీలో నాతోపాటు ప్లాటు తీసుకున్న రిటైర్డ్ నర్సు. మెథడిస్టు చర్చికి పోయే మనిషి, మా ఇంట్లో పిల్లలందరికీ సూదులు వేసిన చెయ్యి. నన్ను తమ్మీ అంటుంది. రెండేళ్ల కింద తుంటి విరిగి, కూతురి దగ్గర మంచం పట్టింది. రెండు సమావేశాలకు రాలేదు, ఇది మూడోది. ప్లాటు డబ్బంతా ఎప్పుడో కట్టేసింది, రిజిస్ట్రేషన్ ఒక్కటే మిగిలింది. అది సభ్యుల జాబితాలో పేరున్నవాళ్లకే అవుతుంది. జీవితమంతా క్వార్టర్లలో బతికిన మనిషికి తనదని చెప్పుకోవడానికి ఉన్నది ఆ జాగా ఒక్కటే.

"తమ్మీ, ఐదో నంబర్ల రాసింది నా అసుంటోళ్ల గురించే గదా. రాలేనని అర్జీ రాయాల్నా, గీ ఫారం పంపితే సాలా?"

నోటీసు మొత్తం చదివిన ఏకైక సభ్యురాలు. సరిగ్గా అడగాల్సిన ప్రశ్నే అడిగింది. అర్జీ రాయమంటే అప్పుడే ప్రాక్సీ చెల్లదని చెప్పాల్సి వస్తుంది. అది అధ్యక్షుడి చెవిన పడుతుంది, నా తమాషా పాడవుతుంది. ఇంత ఆలోచించడానికి రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"ఫారం చాలక్కా" అన్నాను.

సమావేశం రోజు పదకొండున్నరకు హాల్లో ఇరవై ఇద్దరు ఉన్నారు. అధ్యక్షుడు నలభై ఒక్క ఫారాలను రబ్బరు బ్యాండుతో కట్టి బల్ల మీద పెట్టి, "కోరం అయ్యింది, షురూ చేస్తున్నం" అన్నాడు. అధికారి కట్ట విప్పి పై ఫారం చూశాడు. బైలా పుస్తకం అడిగాడు. నేనే అందించాను, ఆ పేజీలో ముందే గుర్తు పెట్టి ఉంచాను.

"ప్రాక్సీ చెల్లదండీ. ఓటుకూ చెల్లదు, కోరానికీ చెల్లదు. పన్నెండున్నరకు వాయిదా వేయండి" అన్నాడు.

అధ్యక్షుడి మొహం వాడిపోయింది. వెనక ఎవడో కిసుక్కుమన్నాడు. పదిహేను రోజులుగా నేను ఎదురుచూసిన క్షణం అది, బాగానే ఉంది. ఒక నిమిషం ఉందేమో. తర్వాత అధికారి, "మరి ఐదో అంశంలో ఈ ఫారాలు పంపినవాళ్లు ఎవరైనా ఉన్నారా? వీళ్లు హాజరైనట్టు కాదు" అన్నాడు. కట్టలో పైనుంచి మూడో ఫారం ఆమెదే, గుండ్రటి అక్షరాలతో.

హాలు బయటికి వచ్చి భీమ్‌గల్‌కు ఫోన్ చేశాను. సమావేశం ఇంకా మొదలు కాలేదు కాబట్టి ముందుగా తెలిపినట్టే అవుతుంది. అర్జీ రాసి, సంతకం చేసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పంపమన్నాను. అసలు కాగితం తర్వాత పోస్టులో పంపొచ్చని చెప్పాను.

"ఫారం సాలంటివి గద తమ్మీ. చెల్లదని నీకు తెల్వదా?"

"తెల్వదక్కా" అన్నాను. ముప్పై ఏళ్లు నోటీసులు రాసినవాణ్ణి.

పన్నెండున్నరకు సభ మళ్లీ మొదలయ్యే లోపే అర్జీ వచ్చింది. వచ్చిన ఉత్తరాలను సభలో చదవడం నా పనే. ఫోన్ చూసి నిలబడి చదివాను. తుంటి విరిగి నడవలేకపోతున్నానని, ఈ సమావేశానికి రాలేనందుకు మన్నించమని రాసింది. అంతటితో ఆగి ఉంటే బాగుండేది. కింద ఇంకో రెండు వాక్యాలున్నాయి. అధికారి పక్కనే కూర్చుని నా ఫోన్‌లోకే చూస్తున్నాడు, మధ్యలో ఆపడానికి లేదు.

"నోటీసు రాసిన తమ్మునికి కూడా ప్రాక్సీ చెల్లదని తెలియదట. పెద్దవాడైనాడు, ఆయనను ఎవ్వరూ ఏమీ అనవద్దని నా మనవి."

నా గొంతుతో నేనే చదివాను. ఇందాక కిసుక్కుమన్నవాడు మళ్లీ కిసుక్కుమన్నాడు. అప్పుడు అధ్యక్షుడు లేచాడు.

"అన్న తప్పేం లేదు. అన్న నేను చెప్పినట్టు రాసిండు. తెల్వక రాయించింది నేను, తప్పు నాది." కండువాతో మొహం తుడుచుకొని అధికారి వైపు తిరిగాడు. "సార్, గీ ఫారాలల్ల రాలేకపోతున్నమని రాసి సంతకం పెట్టిండ్రు. రెండు దినాల ముందే అందినయ్. గదే అర్జీ అనుకుంటే కాదా? పాపం, మన నోటీసు నమ్మి పంపిండ్రు."

అధికారి బైలా మళ్లీ చూశాడు. రాతపూర్వకంగా తెలపాలని ఉంది కానీ ఫలానా నమూనాలోనే అని లేదు. "సభ ఒప్పుకుంటే సరిపోతుంది" అన్నాడు. అందరూ చేతులెత్తారు. నలభై ఒక్క మంది బయటపడ్డారు, ఆమెతో సహా. నా తెలివంతా పెట్టి నేను ముంచినవాళ్లను ఆ ఫీల్డ్‌మన్ ఐదు నిమిషాల్లో ఒడ్డెక్కించాడు. తీర్మానాల పుస్తకంలో జరిగినదంతా నా చేతులతోనే రాశాను, నోటీసు రాసినవారికి విషయం తెలియదన్న ముక్కతో సహా.

మరుసటి ఏడు ఆమె చేతికర్రతో వచ్చింది. ముందు వరుసలో కూర్చుంది. మొదటి అంశం కిందటి తీర్మానాల ధ్రువీకరణ. చదివాను. సవరణలు ఏమైనా ఉన్నాయా అని అడగడమూ నా వంతే. అడిగాను. ఎప్పటిలాగే ఎవరూ వినడం లేదు, ఆమె ఒక్కతే వింటోంది.

"నాదే ఒక సవరణ ఉంది" అన్నాను. "ప్రాక్సీ చెల్లదని నాకు తెలుసు. తెలిసే రాశాను. తెలిసే ఫారం చాలన్నాను."

"కూసో అన్నా, గిప్పుడెందుకు గా ముచ్చట" అన్నాడు అధ్యక్షుడు. ఆమె నా వైపు తిరిగింది.

"నా జాగా పోయేది గద తమ్మీ" అంది.

నోటీసు ఇప్పటికీ నేనే రాస్తున్నాను. ప్రాక్సీ చెల్లదని పెద్ద అక్షరాలతో పెడుతున్నాను. ఆమె ఇప్పటికీ అంతా చదువుతుంది. ఏదైనా అనుమానం వస్తే మాత్రం అధ్యక్షుడికి ఫోన్ చేసి అడుగుతుంది.