పోయొచ్చినవాడూ, పోయినవాడూ

జమ్మలమడుగు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పుకుంటూ ఉన్న నన్ను రష్యన్ భాష కొండల్లోకి లాక్కుపోయింది. మద్రాసులో చదివే రోజుల్లో సాయంత్రాలు ఊరికే ఉండలేక రష్యన్ క్లాసులకు వెళ్ళేవాణ్ణి. సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. దాన్ని ప్రొద్దుటూరులో మా ఇంటి గోడకు తగిలిస్తే, చూసినవాళ్ళందరూ అది ఏ దేవుడి యంత్రమో అనుకుని దండం పెట్టేవాళ్ళు. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తొలి సంవత్సరాలవి. పులివెందుల అవతల కొండల్లో ఖనిజాలు వెతకడానికి రష్యా నుంచి ఒక నిపుణురాలు వస్తోందనీ, దుబాసీ కావాలనీ కబురొచ్చింది. జిల్లా మొత్తానికి రష్యన్ వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పోటీ లేని పరీక్షలో మొదటివాడుగా వచ్చాను.

మూడు నెలలు చూసి ఉంచుకుంటామన్నారు. మూడో నెల చివర ఆమె కాగితం రాసివ్వాలి. బాగుంటే ఉద్యోగం ఖాయం. బాగాలేకపోతే మళ్ళీ జమ్మలమడుగు, మళ్ళీ నల్లబల్ల.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. మగవాళ్ళ బూట్లు, మెడలో భూతద్దం, చేతిలో రాళ్ళు కొట్టే సుత్తి. చుట్టుపక్కల పల్లెల్లో ఆమెను రష్యామ్మ అనేవాళ్ళు. ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. కొండ కింద డేరాల్లో మా మకాం. మా ఇంజనీరు కోస్తా మనిషి. ఆయన ఇంగ్లీషులో రాసిందల్లా నేను రష్యన్‌లోకి మార్చి ఆమెకివ్వాలి. దీనికి మూడు నెలలెందుకు, మూడు రోజులు చాలవా అనుకున్నాను. నా పొగరు అలాంటిది.

మొదటి వారమే దెబ్బ తగిలింది. సోమవారం జమ్మలమడుగు దగ్గర పెన్నానది కోసుకుపోయిన కొండను చూడటానికి వెళ్దామని ఇంజనీరు రాశాడు. నేను దాన్ని ‘పొయిద్యోమ్’ అని రాసిచ్చాను. సోమవారం పొద్దున్నే ఆమె వీపున సంచీ, చేతిలో కర్ర, నడుముకు నీళ్ళ సీసాతో డేరా బయట నిలబడి ఉంది.

“ముప్ఫై మైళ్ళు. నేను నడుస్తాను. నువ్వు నడవగలవా?” అని అడిగింది రష్యన్‌లో.

నవ్వుతోందో తిడుతోందో తెలియలేదు. అప్పుడు చెప్పింది, నేను రాసింది కాళ్ళతో వెళ్ళే మాట అని. జీపులో వెళ్ళాలంటే ‘పొయేదెమ్’ అనాలట. ఇంగ్లీషువాడికి వెళ్ళడం ఒక్కటే. నడిచినా, ఎగిరినా, గుర్రమెక్కినా వాడికి అదే మాట. రష్యన్ మాత్రం నోరు తెరవకముందే అడుగుతుంది, కాళ్ళ మీదా, చక్రాల మీదా అని.

రెండో దెబ్బ ఇంకా గట్టిది. ప్రొద్దుటూరు నుంచి పెద్ద ఇంజనీరును తీసుకొస్తామని ఒక కాగితం. ఆయన శరీరం సామాన్యమైనది కాదు, కుర్చీలు ఆయన్ను చూసి భయపడేవి. నేను ‘ప్రినెస్యోమ్’ అని రాశాను. ఆమె చదివి, కళ్ళజోడు పైకి జరిపి, “ఎంతమంది మోస్తారు?” అంది. అది చేతుల్లోనో నెత్తినో మోసుకొచ్చే మాట. కంగారులో ‘ప్రివెద్యోమ్’ అని దిద్దాను. ఆమె ఈసారి పైకే నవ్వింది. అది చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చే మాట. చివరికి ‘ప్రివెజ్యోమ్’ దగ్గర ఆగాం. అంటే బండిలో ఎక్కించుకొచ్చే మాట. మధ్యలో ఒక్క అక్షరం మారింది, అంతే. ఆ ఒక్క అక్షరం మీద పెద్ద ఇంజనీరు పరువు నిలబడింది.

ఈ గొడవంతా నేను జీపు డ్రైవరుతో చెప్పుకునేవాణ్ణి. ఆయన జమ్మలమడుగు మనిషి, నాకంటే పదేళ్ళు పెద్ద. ఏళ్ళ తరబడి లారీలు కడిగి, కడిగి, ఇప్పుడిప్పుడే చేతికి స్టీరింగు వచ్చింది. నేను ఆయన్ను మామా అనేవాణ్ణి. బడిపంతులు పని చేసినందుకు ఆయన నన్ను అయ్యోరూ అనేవాడు.

“దీనికింత తన్నులాడతాండావేంది అయ్యోరూ?” అన్నాడు ఒకరోజు. “ఎద్దుల్ని తోలకొస్తాం. మూటను మోసకొస్తాం. చుట్టాన్ని పిల్చకొస్తాం. చుట్టాన్ని తోలకొచ్చినామంటే ఊరుకుంటాడా? రష్యావోళ్ళు మనోళ్ళే.”

నాకు తల తిరిగింది. మద్రాసులో పుస్తకం చూసి క్రియల పట్టీలు బట్టీ పట్టానే గాని, మా ఇంట్లో రోజూ మాట్లాడే మాటలతో ఒక్కసారైనా పోల్చి చూడలేదు. ఆరోజు నుంచి ఇంగ్లీషు కాగితం రాగానే ముందు తెలుగులో అనుకుని చూసేవాణ్ణి. రాళ్ళ నమూనాలను ముద్దనూరు స్టేషనుకు చేరవేయాలని వస్తే, నెత్తిన పెట్టుకునా, లారీలోనా అని ఇంజనీరును అడిగేవాణ్ణి. “ఏంటండీ మీ చాదస్తం, ఎలాగో అలా వెళ్తాయి కదా” అని ఆయన విసుక్కునేవాడు.

క్రియ ముందు తగిలించే ముక్కలు కూడా మెల్లగా లొంగాయి. ‘ప్రి’ తగిలిస్తే వచ్చి చేరడం. ‘ఉ’ తగిలిస్తే వదిలి వెళ్ళిపోవడం. ‘జ’ తగిలిస్తే దారిలో ఒకచోట దిగి పలకరించి పోవడం. జమ్మలమడుగు వెళ్తూ ప్రొద్దుటూరులో మా అమ్మ చేతి కాఫీ తాగి పోదామని నేను రాసిన కాగితంలో ఒక్క తప్పు కూడా లేదు. స్వార్థం ఉన్నచోట వ్యాకరణం బాగా వస్తుంది నాకు.

మూడో నెల చివరి వారంలో ఆ సంగతి జరిగింది.

ఆరోజు పొద్దున డ్రైవరు ఆమెను ఒక కొండ కింద దింపాడు. నేను డేరాలోనే కాగితాలు రాసుకుంటున్నాను. అక్కడే ఉండమని ఆమె డ్రైవరుకు సైగ చేసి పైకెక్కింది. దారిలోనే ఒక టైరు పంచరై స్టెప్నీ మార్చారు. రాళ్ళ దారి, చేతిలో ఇంకో టైరు లేదు. ఆమె దిగేసరికి మధ్యాహ్నం దాటుతుందనుకుని, ఆయన పులివెందులకు పోయి పంచరు వేయించుకుని పన్నెండున్నరకల్లా తిరిగొచ్చాడు. ఆమె పన్నెండుకే దిగింది. జీపు లేదు. కాసేపు చూసి, కాలిబాట పట్టుకుని మండుటెండలో ఐదు మైళ్ళు నడిచి మకాం చేరింది. మొహం కందిపోయి మిరపపండులా ఉంది. నేరుగా తన డేరాలోకి వెళ్ళిపోయింది.

డ్రైవరు చీకటి పడ్డాక వచ్చాడు. “యాడికి పోయినావయ్యా?” అని ఇంజనీరు అరిచాడు, కోపంలో మా మాట కూడా వచ్చేసింది ఆయనకు. “టైరు పంచరైతే పులివెందులకు పోయొచ్చినా సార్” అన్నాడు డ్రైవరు. నేను పక్కనే ఉన్నాను. నా చెవులతో విన్నాను.

ఆమె రాతపూర్వకంగా సంజాయిషీ అడిగింది. ఇంజనీరు ఇంగ్లీషులో ఒక్క వాక్యం రాశాడు, పంచరు కారణంగా డ్రైవరు పులివెందుల వెళ్ళాడని. నేను దాన్ని ‘ఉయేఖల్’ అని రాసి ఇచ్చేశాను. నిమిషం పట్టలేదు. పైగా చక్రాల మాటే వేశానని లోపల సంతోషించాను కూడా.

మర్నాడు పొద్దున ఇంజనీరు చేతిలో ఆమె జవాబు. నన్నే చదవమన్నాడు. కొండల్లో మనిషిని వదిలేసి వెళ్ళిపోయే డ్రైవరు నాకొద్దు, వేరేవాణ్ణి పంపండి అని ఉంది. ఇంజనీరు డ్రైవరును పిలిచి తాళం ఇచ్చేయమన్నాడు.

ఆయన డేరా వెనక తన దుప్పటి మడుస్తున్నాడు. నేను వెళ్ళి నిలబడ్డాను.

“పన్నెండున్నరకంతా వచ్చి, అమ్మ కోసం పొద్దుగూకేదాకా ఆ కొండకాడ్నే కూచుంటి అయ్యోరూ. పైకెక్కి కేకలేస్తి. కాలుజారి పడిందేమో అని శానా భయమేసింది” అన్నాడు. “నేను పోయొచ్చినా అని చెప్పినా గదా. పోయినా అని యాడన్నా అన్నానా?”

ఆయన నోట్లో రాకపోక రెండూ ఉన్నాయి. ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి రావడం రాలిపోయింది, పోవడం మాత్రం మిగిలింది. ఇంగ్లీషుకు ఆ లోటు తెలియదు, రష్యన్‌కు తెలుసు. వెళ్ళి తిరిగొచ్చినవాడికి దాంట్లో వేరే మాట ఉంది, ‘యెజ్దిల్’. నేను రాసిన ‘ఉయేఖల్’ వదిలేసి వెళ్ళిపోయినవాడి మాట. విన్న చెవులు నావే, రాసిన చెయ్యీ నాదే.

ఆమె ఆరోజే నా గురించి కాగితం రాయబోతోందని నాకు తెలుసు. అబద్ధమెందుకు, డేరా చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. ఇంజనీరు ఇంగ్లీషే సరిగా లేదని చెబితే సరిపోదా అని కూడా అనుకున్నాను. అలా అనుకున్నందుకు నా మీద నాకే ఒళ్ళు మండి, లోపలికి దూరాను.

“తప్పు నాది. ‘ఉయేఖల్’ కాదు, ‘యెజ్దిల్’” అన్నాను.

ఆమె పెన్సిలు కింద పెట్టింది. “ఎప్పుడు తిరిగొచ్చాడు?”

“పన్నెండున్నరకు.”

“తర్వాత?”

“చీకటి పడబోయేదాకా మీకోసం అక్కడే ఉన్నాడు. పైకెక్కి పిలిచాడు.”

ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకుంది. నన్ను తిడుతుందని తల వంచుకున్నాను. తిట్టలేదు. లేచి బయటికి వెళ్ళి, దుప్పటి మడుస్తున్న డ్రైవరు చేతుల్లోంచి ఆ దుప్పటి లాక్కుని మళ్ళీ పరిచింది. రష్యన్‌లో క్షమించమంది. దాన్ని నేను అనువదించాల్సిన పని పడలేదు.

సాయంత్రం నా కాగితం వచ్చింది. ‘కదలిక క్రియల్లో తప్పులు చేస్తాడు. తప్పు తనదైతే తనదని చెబుతాడు. ఉంచండి.’ నాకు ఏడుపొచ్చింది. ఇంజనీరుకు మాత్రం మొదటి వాక్యం వదిలేసి అనువదించాను.

ఏడాది తర్వాత ఆమె పని ముగిసింది. ముద్దనూరు స్టేషనుకు డ్రైవరే ఆమెను తీసుకొచ్చాడు, జీపులో, సరైన క్రియతో. బండి వచ్చే ముందు ఆమె చేతులు జోడించి, తాను నేర్చుకున్న తెలుగులో, “పోతాను” అంది.

డ్రైవరు అదిరిపడ్డాడు. “అట్ల అనగూడదు తల్లీ! పోయొస్తా అనాల. చెప్పు అయ్యోరూ.”

నేను చెప్పాను. మా దగ్గర పోతాననడం అశుభమనీ, పోయొస్తాననాలనీ. నా కాగితాలు దిద్దేటప్పటిలాగే ఆమె తల అడ్డంగా ఊపి, రష్యన్‌లో అంది: “అది తిరిగొచ్చేవాళ్ళ మాట. నాకు ‘ఉ’ తగిలిన మాట కావాలి. నేను తిరిగి రాను. తప్పు చెప్పలేను.”

“ఏమంటాంది?” అన్నాడు డ్రైవరు.

నేను ఆమె సంచీ చేతికి తీసుకున్నాను. బండి వచ్చింది. ఆమె ఎక్కి కిటికీ దగ్గర కూర్చుంది. బండి కదిలింది. డ్రైవరు కిటికీ వెంబడి నడుస్తూ ఆమె మొహంలోకే చూస్తున్నాడు, ఆరోజు కొండ కింద కూర్చుని ఎదురుచూసింది ఆయనే కదా. ఆమె ఒకసారి నావైపు చూసింది. తర్వాత ఆయనవైపు తిరిగి, ఒక్కొక్క అక్షరం కూడదీసుకుని, “పోయొస్తా” అంది.

“వస్తాదంట అయ్యోరూ!” అన్నాడు డ్రైవరు, మొహమంతా నవ్వుతో.

“అవును మామా, అట్లనే అనింది” అన్నాను.