పిల్లల గదికి పొడవు మంచాలు

“రెండేళ్ల బుడ్డోడికి ఆరడుగుల మంచం ఎందుకే? దాని మీద పొర్లుదండాలు పెడతాడా?” అన్నాను కోడలితో.

“వాడెప్పుడూ రెండేళ్లవాడేనా అత్తయ్యా? పొట్టిది చేయిస్తే మళ్లీ ఇంకోటి చేయించాలి. దండగని మీరే అంటారు. ఎత్తు తక్కువగా పెట్టి, పడకుండా పక్కన చెక్క కటకటాలు బిగిద్దాం. పెద్దయ్యాక మరలు విప్పేస్తే సరి.”

రేపల్లె ఇంట్లోని మా అమ్మ టేకు పందిరిమంచాన్ని విప్పించి తెనాలి తెచ్చుకున్నాం. ఆ కలపతో మనవడికి, ఏడేళ్ల మనవరాలికి మంచాలు చేయించాలి. కోస్తే మళ్లీ అతకదు. మా చిన్నప్పుడు ఏడుగురం ఒకే చాప మీద పడుకున్నాం. ఎవరికెంత పొడవని ఎవరూ కొలవలేదు.

“మరి గది నడిమధ్య పైన రాడ్ కూడా పెట్టించాలంటున్నావు, అది దేనికి? ఇప్పట్నుంచే అక్కాతమ్ముళ్లకి పంపకాలా?”

“తెర కట్టడానికి. ఇప్పుడే కాదండి. రేపు పాప పెద్దమనిషయ్యాక బట్టలెక్కడ మార్చుకుంటుంది?”

ఆ వయసులో నేను బట్టలు మార్చుకున్నది వడ్లబస్తాల చాటున. అది కష్టమని అప్పుడు అనుకోలేదు. మరి ఇప్పుడెందుకు గుర్తొచ్చిందో తెలియలేదు. కోడలిది ముందుచూపో, డాబో తేల్చుకోలేకపోయాను.

మర్నాడు పొద్దున్నే వడ్రంగి వచ్చి, “ఎంతకి కొయ్యమంటారు అమ్మగారూ?” అని అడిగాడు. “కోడల్ని అడుగు” అన్నాను. ఆమె ఆరడుగులంది. అతను కోశాడు. తెర రాడ్డుకు గోడలో కన్నాలు నా ఎదుటే పెట్టాడు.