అమ్మ పలకని పేరు

పాకాల దగ్గర మా చేనికి అడవిపందుల బెడద ఎక్కువై, పోయిన సంవత్సరం నాయన ఒక కుక్కపిల్లను తెచ్చాడు. పేరు పెట్టే పని నాది. వేరుశనగ చేనులో ఈ గట్టు మీద పిలిస్తే ఆ గట్టుకు వినపడాలంటే పేరు పొట్టిగా ఉండాలి. ‘రాజా’ అని పెడితే ‘రా’ అన్నట్టే ఉంటుంది, ఉత్తినే పిలిచినా వచ్చేస్తుంది. రా, పో, ఉండు, వీటిలో దేనితోనూ కలవని పేరు కావాలి. బాగా ఆలోచించి ‘మణి’ అన్నాను. నాయన తలూపాడు.

అమ్మ మాత్రం ఆ పేరు పలకలేదు. మా తాత పేరు సుబ్రమణి.

"మామ పేరు నా నోట రాదు. సగమైనా రాదు," అనింది.

నాకు కోపం వచ్చింది. ఊళ్లో ఇంటికొక మణి ఉన్నాడు కదా అన్నాను. అమ్మ వినలేదు.

కుక్కకు అన్నం పెట్టేది అమ్మే. గిన్నె పట్టుకుని "ఇదో" అని పిలిచేది. నాయనను పిలిచేదీ అట్లాగే. నెల తిరక్కుండానే కుక్క ‘మణి’ అంటే చెవి కూడా కదపడం మానేసింది. ‘ఇదో’ అంటే ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

ఒక మధ్యాహ్నం అమ్మ వంటింట్లోంచి "ఇదో, అన్నం తిందువు రా" అని పిలిచింది. నాయన చేతులు కడుక్కుని వచ్చేసరికి కుక్క ఆయన పీట దగ్గర కూర్చుని ఉంది. దానికి వేరే పేరు పెడతానన్నాను.

"ఎందుకప్పా," అన్నాడు నాయన. "రెండే అక్షరాలు. రా, పో మాదిరి లేదు. ఆ గట్టు దాకా ఇనిపిస్తాది. దాని పేరు దానికి ఉండనీ. మీ అమ్మను నన్నే ఏరేగా పిలవమను."